తెరిచిన కంటికి రంగు

రెప్పలక్క మొట్టమొదట గెలిచింది పెద్ద వార్తలావిడ కళ్లను. అంతకు ముందు ముగ్గురు మేకప్ వాళ్లు ఆ కళ్ల దగ్గర చేతులెత్తేసి వెళ్లారు. ఆ చానెల్లో ఈనాటికీ ఎవరిని కదిపినా ముందు ఆ సంగతే చెబుతారు, ఆ తర్వాతే మిగతావన్నీ.

పెద్ద వార్తలావిడ గొంతు గుడిగంట. కళ్లతోనే వచ్చింది చిక్కు. కనుబొమ్మ ఎముక కిందినుంచి చర్మం మడతగా జారి రెప్ప మీద వాలి ఉండేది. కళ్లు మూసుకుంటే రెప్ప అరుగంత విశాలం. తెరిస్తే తలుపులు దించిన కొట్టు. మూసిన రెప్ప మీద ఎంత అందంగా రంగు వేసినా, కన్ను తెరవగానే మడత దాన్ని మింగేసేది. తెర మీద ఆవిడ ఎప్పుడూ కునుకు తీస్తున్నట్టే కనబడేది. "మీ వార్తలావిడకి కాస్త కాఫీ ఇప్పించండి బాబూ" అని చూసేవాళ్లు ఫోన్లు చేసి వేళాకోళమాడేవాళ్లు. ఫ్లోర్ మేనేజరు ఆవిడను తెర మీంచి తప్పించే ఆలోచనలో పడ్డాడు. "గొంతుంది కదా, గొంతొక్కటే వాడుకుందాం" అన్నాడు, కోడి పోయినా గుడ్డు మిగిలిందన్నట్టు.

సరిగ్గా అప్పుడు చేరింది రెప్పలక్క. అప్పటికామె రెప్పలక్క కాదు, ఉత్త మేకప్ అమ్మాయి. పెళ్లయిన కొత్తలోనే మొగుడు పోయాడు. అతని అక్క, అంటే వదిన, ఆ చానెల్లోనే వార్తలు చదివేవాళ్ల కోట్లకు ఇస్త్రీ చేసేది. వదులైన చోట వెనక గుండుసూదులు గుచ్చి ముందు బిగుతుగా కనిపించేలా చేసేది. ఆమెను అందరూ ఇస్త్రీ వదిన అనేవాళ్లు. తమ్ముడు పోతే మరదల్ని పుట్టింటికి పొమ్మనకుండా తన గదికి తెచ్చుకుని, తను పనిచేసే చోటే పని ఇప్పించిన మనిషి. మేకప్ గదిలో ఒక మూల అద్దాలు, ఇంకో మూల ఇస్త్రీ బల్ల. మరదలు కుర్చీ వెనక నిలబడితే వదిన బల్ల వెనక నిలబడేది. అలా ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ సగం జీవితం గడిపారు.

మొదటి రోజు రెప్పలక్క రంగును మడత దాటించి కనుబొమ్మ దాకా పట్టించింది. పెద్ద వార్తలావిడ కళ్లు తెరిచి అద్దంలో చూసుకుని, "ఎవరితోనో దెబ్బలాడొచ్చినట్టున్నాను" అంది. ఇంకోరోజు మెరుపు రంగు దట్టించింది. మెరుపు ఉన్నచోట వెలుతురు పడి ఉబ్బుగా కనబడుతుంది కదా, మడత ఇంకా ముందుకొచ్చి రెండు పూరీలు అతికించినట్టయింది. వదిన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఫక్కున నవ్వింది. రెప్పలక్క నవ్వలేదు. ఇంటికెళ్లి తన కళ్లే అద్దంలో చూసుకుంది. తనవీ ఆ మడత కళ్లే. అన్నం తినడం మానేసి ఆ కళ్లతో పోట్లాడింది.

దొరికింది. ఎలా దొరికిందంటే, అద్దంలో చూసుకోగానే తన కనుబొమ్మలు తనకు తెలియకుండానే పైకి లేస్తున్నాయని గమనించింది. బొమ్మలు లేస్తే మడత లేస్తుంది, రెప్ప కనబడుతుంది, రంగు పడవలసిన చోటు అదేనని చెయ్యి మోసపోతుంది. మనిషి అద్దం ముందునుంచి లేచి తన పనిలో పడగానే బొమ్మలు దిగుతాయి, మడత వాలుతుంది, రంగు మాయం. లోపం రంగులో లేదు, చేతిలో లేదు. అద్దం ముందున్న ముఖమూ పనిలో ఉన్న ముఖమూ ఒకటి కావు. అంతే సంగతి.

మర్నాడు పెద్ద వార్తలావిడను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, అద్దాన్ని కళ్ల మట్టానికి దించింది.

"బొమ్మలు దించండమ్మా."

"దించే ఉన్నాయిగా."

"దిగలేదు. చుట్టాలొస్తే లేచి నిలబడ్డట్టు నిలబడ్డాయి. వార్తలు చదవండి."

"ఇక్కడా? ఎవరికి?"

"మా వదినకి. పాపం ఆవిడకి లోకజ్ఞానం తక్కువ."

"నోర్ముయ్యవే" అంది ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి వదిన.

పెద్ద వార్తలావిడ నవ్వుకుంటూనే ధరల వార్త అందుకుంది. రెండు వాక్యాలు చదివేసరికి బొమ్మలు వాటంతటవే దిగాయి, కళ్లు పనిలో పడ్డాయి. అప్పుడు, కళ్లు తెరిచి ఉండగానే, ఎదురుగా చూస్తుండగానే, రెప్పలక్క సన్నని కుంచెతో మడత అంచుకు కాస్త పైన మెరుపు లేని గోధుమ రంగు చుక్కలు పెట్టింది. ఆ తర్వాతే కళ్లు మూయించి చుక్కల్ని కలిపి, పైకి పొగలా పలచబరిచింది. బయటి మూల రంగును కింది రెప్ప గీత సాగే దిక్కుగా పైకి లేపింది, కిందికి జారనివ్వలేదు. మెరుపును రెప్ప నడిమధ్య చిటికెడే అద్దింది. మడత మీదికి మెరుపును రానివ్వలేదు. వెంట్రుకల మొదట్లో దారమంత సన్నగా గీత గీసింది, ఎందుకంటే గీత లావైతే ఉన్న కాస్త రెప్పనూ అదే తినేస్తుంది. మడత రాసుకుని రంగు పైన అచ్చు పడకుండా ముందే జిడ్డు తుడిచి, పూత పూసి, పౌడరు అద్ది ఉంచింది. ఒక్కొక్కటీ అద్దినప్పుడల్లా మళ్లీ కళ్లు తెరిపించి, మళ్లీ వార్తలు చదివించి చూసుకుంది.

ఆ పూట తెర మీద పెద్ద వార్తలావిడకు కళ్లున్నాయని లోకానికి తెలిసింది. ఫ్లోర్ మేనేజరు మానిటరు దగ్గరికి ముక్కు తీసుకెళ్లి, "ఈవిడెవరు?" అన్నాడు. ఆనాటినుంచి మేకప్ అమ్మాయి రెప్పలక్క అయింది.

తర్వాత సాధించినవి ఒకటా రెండా. వయసు మీద పడి రెప్పలు వాలిన రంగస్థల నటి ఒకావిడ ఈ చానెల్‌కు మాట్లాడటానికొచ్చి, "నా కళ్లు నాకు తిరిగిచ్చావమ్మా" అని కంటనీరు పెట్టుకోబోతే, రెప్పలక్క కాగితం అడ్డం పెట్టి, "ఏడవకండి, చెరిగిపోద్ది" అంది. మేకప్ నేర్పే బడి వాళ్లు పిలిచి మాట్లాడించారు. అక్కడ పిల్లలందరిచేతా బిగ్గరగా పాఠం చదివిస్తూ ఒకరి కళ్లకొకరితో చుక్కలు పెట్టించింది. ఆ బడి కాస్తా సంతలా హోరెత్తిపోయింది. చానెల్ పుట్టిన రోజున వేదిక ఎక్కించి జ్ఞాపిక ఇచ్చారు. మైకు పట్టుకుని ఆమె అన్నది ఒక్కటే మాట: "మూసిన కంటికి రంగు వేస్తే అది శవానికి చేసే సింగారం. మనిషికి వేసేది తెరిచిన కంటికి." సభంతా చప్పట్లు. వదిన మాత్రం, "శుభమా అని పిలిస్తే శవాల మాటలేంటే నీకు" అని దారి పొడుగునా తిట్టింది. తిడుతూనే జ్ఞాపికను పైటకొంగుతో తుడిచి తుడిచి అలమరలో పెట్టింది.

ఆమెకో అలవాటుండేది. పొద్దున్నే అందరికంటే ముందు తన కళ్లకే రంగు వేసుకునేది. కుర్చీలో కూర్చున్న మడతకళ్ల వాళ్లకు వంగి తన కళ్లు చూపించి, "ఇదిగో, సరుకు ఇదీ" అనేది. తన ముఖమే తన కొట్టుకు బోర్డు.

ఒక వానాకాలం సాయంత్రం, పెద్ద వార్తలావిడ కుర్చీలోంచి తలెత్తి చూసి, "అక్కా, నీ ఎడమ కన్ను ఇవాళ బ్రహ్మాండంగా ఉందే. రెప్పంతా రంగే" అంది.

రెప్పలక్క అద్దంలోకి వంగింది. నిజమే. కుడి కన్ను ఎప్పట్లాగే మడత మాటున దాగి, చుక్క పెట్టినంత మేరకే రంగు చూపిస్తోంది. ఎడమ కంటికి మాత్రం మడత పైకి తొలిగినట్టయి, రెప్ప నిండా రంగు పరుచుకుని కనబడుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ రెప్పను తెరిచిన కంట్లో అంత మేర ఆమె ఏనాడూ చూడలేదు.

"వదినా, ఇటు చూడు!"

వదిన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చింది. "అవునే! ఏం చేశావ్?"

"ఏం చెయ్యలా. దానంతటదే."

"ఇన్నాళ్లూ పోరాడితే కన్ను జాలిపడి లొంగిపోయిందేమో" అంది వదిన. ముగ్గురూ నవ్వుకున్నారు. వదిన క్యాంటీన్‌కెళ్లి మరీ చెప్పుకొచ్చింది, మా మరదలి కన్ను దానంతటదే విచ్చుకుందని. దీపం కింద చీకటంటే అదే. లోకంలోని రెప్పలన్నీ చదివిన మనిషి తన రెప్పను చదవలేదు. రంగు కనబడటమే గెలుపని బతికిన వాళ్లకు, రంగు కనబడటమే కీడని ఎలా తోస్తుంది?

మడత లేవలేదు, రెప్ప వాలింది. కన్ను తెరుచుకునేది తగ్గేకొద్దీ రెప్ప మడతలోంచి కిందికి దిగి బయటపడింది. ఆ సంగతి ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున రెండు కళ్లూ సమానం. పొద్దు వాలేసరికి ఎడమ రెప్ప వాలేది. ఎడమ కన్ను చిన్నదిగా, కుడి కన్ను పెద్దదిగా కనబడసాగింది. బోర్డు వంకరపోతే కొట్టు పరువేముంటుంది? రెప్పలక్క మళ్లీ పనితనం అందుకుంది. కుడి కంటికి గోధుమ రంగును ఇంకొంచెం పైకి, ఇంకొంచెం వెడల్పుగా తీసి ఎడమదానికి జోడీ కుదిర్చింది. ఎడమ కింది రెప్ప లోపలి అంచుకు తెల్లటి పెన్సిలు గీసి కన్ను విప్పారినట్టు చేసింది. పై వెంట్రుకల్ని వంకీ తిప్పి నిలబెట్టింది. సాయంత్రం వార్తలకు ముందు ఒకసారి తనకు తను దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఎంత నేర్పుగా అంటే, అరచేతి దూరంలో నిలబడ్డా తేడా తెలిసేది కాదు.

వదిన కంట మాత్రం ఒకటి పడింది.

"ఏమే, ఊళ్లో వాళ్లందర్నీ బొమ్మలు దించమంటావ్. నీ ఎడమ బొమ్మ చూడు, కోడిపుంజు జుట్టులా లేచి కూర్చుంది."

"లేచిందా?" రెప్పలక్క నుదురు తడుముకుంది. దించింది. వదిన పైటకొంగు సర్దుకునేలోగా అది మళ్లీ లేచింది.

"వార్తలు చదవవే, దిగుద్ది" అంది వదిన.

ఇద్దరూ నవ్వేశారు. వాలిన రెప్పను లేపడానికి బొమ్మ సాయం పట్టిందని వాళ్లకేం తెలుసు.

రాత్రిపూట ఇంట్లో చూసి ఉండొచ్చు కదా అంటారేమో. వదినకు ఆఖరి వార్తలయ్యేదాకా పని. ఆమె ఇల్లు చేరేసరికి మరదలు ముఖం కడుక్కుని గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఈమధ్య త్వరగా అలిసిపోతోందని వదిన దుప్పటి కప్పేది. పొద్దున లేస్తే నిద్ర తీరిన కళ్లు రెండూ చక్కగానే ఉండేవి. సాయంత్రాలు మరదలు రొట్టెను టీలో నానబెట్టుకుని మింగుతుంటే, "పళ్లూడిన ముసలమ్మవయ్యావే" అని ఎగతాళి చేసింది. చివరికి ఆ ఎగతాళే వదిన గుండెల్లో ముల్లయి కూర్చుంది.

గుట్టు బయటపడింది చర్చ రోజున. ఆ సాయంత్రం పెద్ద వార్తలావిడ ఊళ్లోని పెద్దమనుషులందర్నీ కూర్చోబెట్టి చాలాసేపు నడపవలసిన కార్యక్రమం. ప్రత్యక్షంగా ప్రసారమయ్యేది, తప్పు జరిగితే దిద్దుకోవడం కుదరదు. చానెల్ మొత్తం ఆవిడ ముఖం మీదే ఆశ పెట్టుకుంది. రెప్పలక్క పొద్దున్నుంచీ నిలబడే ఉంది. కుర్చీ వెనక్కి వచ్చి కుంచె తీసింది.

"చదవండమ్మా."

పెద్ద వార్తలావిడ ఎదుటి కాగితంలోంచి చదువుతోంది. రెప్పలక్క చుక్కలు పెట్టింది, కలిపింది, మూలలు లేపింది. పని ముగించి పక్కకు జరిగింది. పెద్ద వార్తలావిడ అద్దంలో చూసుకుని చదవడం ఆపింది.

ఒక కంటికి రంగు మడత పైన కుదురుగా ఉంది. ఇంకో కంటికి బొమ్మ వెంట్రుకల్లోకి ఎక్కింది. ఆ మూల గీత చెవివైపు వెళ్లాల్సింది, నుదుటివైపు వెళ్లింది.

"అక్కా... ఇదేంటి?"

"బానే ఉందిగా" అంది రెప్పలక్క. గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంది.

వదిన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి చూసింది. పెద్ద వార్తలావిడ కంటికంటే ముందు మరదలి తీరు ఆమె కంట పడింది. మరదలు అరచేతితో తన ఎడమ కన్ను మూసుకుని అద్దంలోకి చూస్తోంది. చెయ్యి తీసింది. మళ్లీ మూసింది.

"ఏం చేస్తున్నావే?"

"రెండు కనబడుతున్నాయి వదినా. అమ్మగారు ఇద్దరు కనబడుతున్నారు. ఒక కన్ను మూస్తే ఒక్కరే."

"ఎప్పట్నుంచి?"

"సాయంత్రాలే. పొద్దున బాగానే ఉంటుంది. అలుపనుకున్నా."

బయటినుంచి ఫ్లోర్ మేనేజరు తలుపు కొట్టాడు. "టైమైపోతోందమ్మా!"

పెద్ద వార్తలావిడ దూది తీసుకుని తన కంటి రంగు తనే తుడిచేసుకుంది. "ఒక కన్ను మూసుకునే వెయ్యక్కా. వేరే చెయ్యి నాకొద్దు" అని కాగితం ఎత్తి మళ్లీ చదవడం మొదలుపెట్టింది. వదిన వచ్చి వెనకనుంచి మరదలి ఎడమ కన్ను తన అరచేత్తో మూసి పట్టుకుంది. రెప్పలక్క ఒంటికంటితో చుక్కలు పెట్టింది. ఆ రాత్రి తెర మీద పెద్ద వార్తలావిడ కళ్లను మెచ్చుకోనివాళ్లు లేరు. కంటికి రెప్పలా అని ఊరికే అంటాం. ఆ పూట ఒక ఆడమనిషి అరచెయ్యే ఇంకొకరి కంటికి రెప్పయింది.

చర్చ మొదలయ్యాక వదిన ఆమెను పంపు దగ్గరికి లాక్కెళ్లి ముఖం కడిగించింది. రంగంతా నీళ్లలో పోయింది. తుండుతో ఒత్తి చూస్తే ఎడమ రెప్ప కనుపాపను సగానికి పైగా కప్పేసి ఉంది. చాలా నెలల తర్వాత ఆ కన్ను సాయంత్రం పూట ఉత్తగా కనబడటం అదే మొదలు. రెప్పలక్కే అంది, "చూడు వదినా, మనం మురిసిన రంగు" అని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలు పైకెత్తి, "దీన్నే చూస్తూ ఉండండి, దించకండి" అంది. చూస్తుండగానే ఎడమ రెప్ప మెల్లమెల్లగా, సాయంకాలం కొట్టు తలుపు దించినట్టు దిగిపోయింది. తర్వాత మంచుముక్కలు గుడ్డలో చుట్టి ఆ కంటి మీద కాసేపు పెట్టింది. తీసేసరికి రెప్ప లేచింది.

"అబ్బ! ముందే తెలిస్తే మేకప్ గదిలో ఐసు పెట్టె పెట్టించేదాన్ని కదండీ" అంది రెప్పలక్క.

"ఇది మందు కాదమ్మా, పరీక్ష. కాసేపటికి మళ్లీ వాలుతుంది" అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నరం నుంచి కండకు కబురు సరిగా అందని జబ్బు. కండ వాడేకొద్దీ అలుస్తుంది, విశ్రాంతి తీసుకుంటే తేరుకుంటుంది. ముందు రెప్పల్లో కనబడుతుంది. మింగడంలో, మాటలో, ఊపిరిలోకి కూడా పాకవచ్చు. "ఎప్పుడు మొదలైందో తెలియాలి. ఈ మధ్య ఫోటోలున్నాయా?"

ఉన్నాయి. పెద్ద వార్తలావిడ ఫోన్‌లో బోలెడున్నాయి. డాక్టరమ్మ ఒకటొకటే పెద్దవి చేసి చూసింది. పొద్దున తీసినవాటిలో కళ్లు సమానం. సాయంత్రం తీసినవాటిలోనూ సమానం. రంగు ఇటూ అటూ ఒకటే మట్టం, వెంట్రుకలు ఒకటే వంపు, గడ్డం కాస్త ఎత్తి నవ్వు.

"వీటిలో నాకేం తెలియట్లేదు. ఎవరు చేశారో గానీ చాలా బాగా చేశారు" అంది డాక్టరమ్మ.

రెప్పలక్కకు జీవితంలో అన్ని పొగడ్తలొచ్చాయి. తల వంచుకున్నది ఈ ఒక్కదానికే.

ఈ జబ్బుకు వేరు ఒక్కోసారి ఛాతీలో ఉంటుందని, ఛాతీని యంత్రంలో పెట్టి ఫోటో తీశారు. రొమ్ము ఎముక వెనక గడ్డ కనబడింది. అది తియ్యాలన్నారు, తీసే ముందు మందులతో కండల్ని నిలబెట్టాలన్నారు. మంచం ఇచ్చారు. ఫ్లోర్ మేనేజరు పళ్లు పట్టుకుని చూడటానికొచ్చాడు. కుర్చీ సంగతి ఎత్తలేక పళ్ల సంగతే మాట్లాడుతుంటే రెప్పలక్కే అడిగింది.

"నా చోట ఎవర్ని పెట్టారు సార్?"

"తాత్కాలికంగా ఒకమ్మాయి. కానీ అక్కా... చూపు ఒకటిగా రాకపోతే... నేను పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా."

"వస్తానని చెప్పండి. రాకపోతే నేనే చెబుతా."

అతను వెళ్లాక గోడవైపు తిరిగింది. వదిన ఆ వీపు నిమిరింది. ఇద్దరికీ తెలుసు, ఆమెకు ఆ కుర్చీ పోతే మిగిలేది ఉత్త గోడే.

మాత్రలు మొదలయ్యాక వదిన ఒక పని పెట్టుకుంది. పొద్దున్నే మరదల్ని కూర్చోబెట్టి ఎడమ రెప్ప మీద, వెంట్రుకలకు కాస్త పైన, గోధుమ రంగు ఒక్క చుక్క పెట్టేది. కన్ను తెరిస్తే మడత ఆ చుక్కను దాచేయాలి. దాచేస్తే రెప్ప లేచి ఉన్నట్టు. చుక్క బయటపడితే వాలినట్టు. డాక్టరమ్మ చూసి, "బావుంది, మాకూ చెప్పండి" అని నవ్వి ఊరుకుంది.

"వదినా, కనబడుతోందా?" సాయంత్రమైతే రెప్పలక్క అడిగేది.

"బొమ్మ దించు ముందు."

"దించా."

"దించలా. మోసం చెయ్యకు. నాకు నేర్పింది నువ్వే."

బొమ్మ దిగేది. చుక్క కొన్ని సాయంత్రాలు దాక్కునేది, కొన్ని సాయంత్రాలు నిండుగా బయటపడి ఉండేది. "కనబడట్లేదే" అని ఒక్కోసారి వదిన అబద్ధం చెప్పేది. తెరిచిన కంట్లో రంగు కనబడాలని ఒక జీవితమంతా పాటుపడిన ఇద్దరాడవాళ్లు, ఆ చుక్క కనబడకూడదని కూర్చుని ఎదురు చూశారు.

ఆపరేషన్‌కు తీసుకెళ్లే పొద్దున నర్సమ్మ వచ్చి ముఖం మీద ఏమీ ఉండకూడదని దూదితో ఆ చుక్క తుడిచేసింది. రెప్పలక్క కళ్లు మూసుకుని తుడిపించుకుని, "మూసిన కంటికి ఏం వెయ్యకు వదినా, గుర్తుంచుకో" అంది. వదిన ఆ మాట విననట్టే దుప్పటి మడత పెట్టింది.

గడ్డ తీశారు. ఊపిరి మాత్రం సొంతంగా నిలవలేదు. గొట్టం వేసి యంత్రం మీద ఉంచారు. మొదట ఫలానా రోజుకు ఇంటికి పంపిస్తామన్నారు. ఆ రోజు వచ్చి పోయింది. ఇంకో రోజు చెప్పారు, అదీ దాటింది. తర్వాత గొట్టం తీశారు. మాట గుసగుసగా వస్తోంది. ఎడమ రెప్ప సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. చూపు ఒకటవుతుందా అంటే కాలమే చెప్పాలన్నారు. ఇంటికి పంపే రోజు మాత్రం ఈసారి ఖాయమన్నారు, ఖాయమనడానికి కాస్త తడుముకుని.

చానెల్లో కొత్తమ్మాయి మంచిదే. కాకపోతే పెద్ద వార్తలావిడను కళ్లు మూసుకోమని, మూసిన కంటికి చిత్రం గీసినట్టు రంగు వేసింది. తెరవగానే అంతా మడతలోకి పోయింది. పెద్ద వార్తలావిడ ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. ఇస్త్రీ బల్ల వైపు తిరిగి, "వదినా, ఒకసారి రా" అంది.

"నాకేం వచ్చమ్మా? నాది ఇస్త్రీ చెయ్యి."

"ఇన్నేళ్లూ చూశావుగా. రా."

వదిన చేతులు తుడుచుకుని వచ్చింది. కొత్తమ్మాయి తప్పుకుని పక్కన నిలబడి చూస్తోంది. వదిన అద్దాన్ని కళ్ల మట్టానికి దించింది. మరదలి సన్నకుంచె డబ్బాలోంచి తీసింది. పిడిమీద ఆమె వేళ్లు అరగదీసిన చోటు నున్నగా తగిలింది. ఇస్త్రీ పెట్టె అంత బరువెత్తిన చెయ్యి పుల్లంత కుంచెను మోయలేకపోయింది.

"బొమ్మలు దించండమ్మా" అంది.

"దించే ఉన్నాయిగా" అంది పెద్ద వార్తలావిడ, ఆనాటి మాటే, కావాలనే.

"దిగలేదు. ఏదన్నా చదవండి."

వార్తల కాగితాలు ఇంకా రాలేదు. చదవడానికి ఎదురుగా ఏమీ లేదు. అద్దం మూల మాత్రం పెద్ద వార్తలావిడే కంటి పెన్సిలుతో రాసిన ఒక వాక్యం ఉంది. దాని కింద రెండుసార్లు తుడిచి తిరగరాసిన నల్లటి మరక ఉంది. ఆవిడ నిటారుగా కూర్చుని, ఎదురుగా చూస్తూ, లోకమంతా వింటున్నప్పుడు వాడే ఆ గొంతుతోనే చదివింది. బొమ్మలు నెమ్మదిగా దిగాయి. వదిన మడత అంచుకు కాస్త పైన మొదటి చుక్క పెట్టింది.

"రెప్పలక్క తిరిగి వచ్చేది, మార్చి పంతొమ్మిది."